కథ చర్చకు: ‘పసుపు చీర’ (నోటీసు బోర్డు మీద మార్చిన ముఖం)

రాధిక, పటమట

మిత్రులకు నమస్కారం. కొత్త కథ ఒకటి పెడుతున్నాను. చదివి మొహమాటం లేకుండా చెప్పండి. ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి. ముఖం మార్చిన ఫొటో కాగితం మీద నేను రాసినట్టే కనిపిస్తుందా? పద్నాలుగేళ్ల పిల్లవాడు ఇలాంటి పని చేస్తే చట్టం ఏమంటుంది? ముగింపు గురించి కూడా మీ అభిప్రాయం కావాలి.

*పసుపు చీర*

“అర మార్కు కోసం చేయి చాపకండి. చదివి తెచ్చుకోండి.” శారద టీచర్ ఈ మాట అనని రోజు తొమ్మిదో తరగతిలో ఉండదు. ఆ సోమవారం చైతన్య వంతు వచ్చింది. భౌతికశాస్త్రం జవాబుపత్రం పట్టుకుని టేబులు దగ్గరికి వెళ్లాడు. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, కాగితం చూడకుండానే ఆ మాట అంది. తరగతి అంతా నవ్వింది.

అవి 2024 దసరా సెలవులు అయిపోయిన రోజులు. సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగినప్పుడు బడి తరఫున పిల్లలు ఫ్లైఓవర్ దగ్గర భోజనం పొట్లాలు పంచారు. సోషల్ మాస్టారు ఆ ఫొటోలను ప్రింటు తీయించి, వరండాలోని అద్దాల బోర్డులో గుచ్చారు. నడుమ ఉన్న ఫొటో అన్నిటికన్నా పెద్దది. అందులో పసుపు చీర కట్టుకున్న ఒకామె తడిసిన కుచ్చిళ్లతో నిలబడి, పులిహోర పొట్లం కోసం రెండు చేతులూ చాపి ఉంది.

చైతన్యకు ఆలోచన తట్టింది అక్కడే. వార్షికోత్సవం ఫొటోల్లో టీచర్ ముఖం దొరికింది. ఫోనులోని యాప్ నిమిషంలో పని పూర్తి చేసింది. బెంజి సర్కిల్ దగ్గరి జిరాక్సు దుకాణంలో రంగుల ప్రింటు తీయించాడు. శనివారం బోర్డు సర్దే పిల్లల్లో వాడూ ఒకడు కాబట్టి తాళం చెవి అటెండర్ నాగయ్య దగ్గర అడగగానే దొరికింది. పాత ఫొటో తీసి, మడిచి, లెక్కల నోటుబుక్కులో పెట్టుకున్నాడు. అవే గుండుసూదులతో కొత్తది గుచ్చాడు. ముఖం రంగుకీ మెడ రంగుకీ తేడా తెలుస్తోంది. తెలిస్తేనే కదా నవ్వు వచ్చేది అనుకున్నాడు.

సోమవారం మొదటి విరామంలో వరండా కిక్కిరిసింది. “టీచర్ చేయి చాపారు రా!” అని ఎవరో అరిచారు. మధ్యాహ్నానికి పదో తరగతి వాడొకడు దాచి తెచ్చుకున్న ఫోనుతో బోర్డును ఫొటో తీశాడు. సాయంత్రానికి అది తల్లిదండ్రుల గ్రూపులో ఉంది. కింద ఒక వాక్యం కూడా చేరింది: “జీతం తీసుకుంటూ వరద బాధితుల పొట్లాలకు వరుసలో నిలబడ్డ టీచర్.”

మర్నాడు ఉదయం కరస్పాండెంట్ శారద టీచర్‌ను పిలిచి కూర్చోమనకుండానే అడిగాడు. “మీ ఇల్లు గుణదలలో కదమ్మా. సింగ్ నగర్‌లో మీకేం పని?”

ఆమె ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “ఈ చీర నాది కాదండీ” అంది. ఇంకేం చెప్పాలో ఆమెకు తెలియలేదు.

అదే సమయంలో బోర్డు ముందు లక్ష్మి నిలబడి ఉంది. ఆ ఫొటో పెట్టినప్పటినుంచి అటు రాకుండా, వెనక మెట్ల మీదుగా తరగతికి వెళ్లే పిల్ల ఆమె. నల్లపూసలు అమ్మవే. కుడి మణికట్టు మీద ఇడ్లీ గిన్నె ఆవిరి కాల్చిన మచ్చ అమ్మదే. ముఖం మాత్రం శారద టీచర్‌ది.

లక్ష్మి నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. చైతన్య అప్పటికే అక్కడ తల వంచుకుని ఉన్నాడు. శారద టీచర్ కిటికీ వైపు తిరిగి ఉంది.

“సార్, ఆ ఫొటోలో ఉన్నది మా అమ్మ.”

“ఏ ఫొటోలో?”

“పసుపు చీర. అందులో మా అమ్మ ముఖం తీసేశారు. మళ్లీ పెట్టించండి.”

శారద టీచర్ ఇటు తిరిగింది. చైతన్య మొదటిసారి తల ఎత్తాడు. టీచర్ తిడుతుందనీ, నాన్న కొడతాడనీ రాత్రంతా భయపడ్డాడు కానీ, ఆ ఫొటోలో ఇంకొక మనిషి ఉందని వాడికి తట్టలేదు.

“అసలు ఆ ఫొటోలన్నీ తీయించేస్తాను. గొడవ వదిలిపోతుంది” అన్నాడు ప్రిన్సిపాల్.

“తీసేయకండి సార్. అమ్మ ఏం తప్పు చేసింది?”

చైతన్య సంచిలోంచి లెక్కల నోటుబుక్కు తీశాడు. మడత విప్పితే ఫొటో నడుమ తెల్లటి గీత పడి ఉంది. నాగయ్యను తాళం చెవి అడిగి, అందరూ చూస్తుండగా, దాన్ని తిరిగి గుచ్చాడు.

(కథ ఇంతే.)

వెంకట్, సత్యనారాయణపురం

చదువుతుంటే రక్తం ఉడికిపోయింది. ఏ పాఠశాల అమ్మా ఇది? పేరు రాయండి. మా పిల్లలు కూడా ఆ చుట్టుపక్కలే చదువుతున్నారు. ఆ టీచర్ గారు పోలీసు స్టేషన్‌కు వెళ్లారా లేదా? ఇలాంటివి కప్పిపుచ్చితే రేపు మన ఆడపిల్లల ఫొటోలతోనూ ఇదే జరుగుతుంది.

రాధిక, పటమట

వెంకట్ గారూ, ఇది కల్పిత కథ. పాఠశాల లేదు, మనుషులూ లేరు. వరద ఒక్కటే నిజం.

శ్రీను, ఫొటో స్టూడియో, అరండల్‌పేట, గుంటూరు

రాధిక గారూ, కథ బాగా పట్టింది. అయితే ఒక వాక్యం తీసేయాలి. “ముఖం రంగుకీ మెడ రంగుకీ తేడా తెలుస్తోంది” అన్నది కత్తిరించి అతికించే రోజుల మాట. ఇప్పటి యాప్‌లు టీచర్ ముఖాన్ని తెచ్చి అతికించవు. ఆమె ఫొటో చూసి పోలికలను మాత్రం అంకెల వరుసగా మార్చుకుంటాయి. ఆ తరువాత పసుపు చీర ఆమె ముఖం ఉన్నచోటే, అదే తల వంపుతో, అదే ఎండతో, అదే చర్మం రంగుతో, కొత్త పోలికలు వచ్చేలా ముఖాన్ని మళ్లీ గీస్తాయి. కాబట్టి రంగు కలిసిపోతుంది.

దీనివల్ల మీ కథకు పనికొచ్చేది ఒకటుంది. ముఖ కవళిక మారదు. నోరు ఎంత తెరిచి ఉంటే అంతే ఉంటుంది, కళ్లు ఎటు చూస్తుంటే అటే చూస్తాయి. అంటే మీ ఫొటోలో పోలిక టీచర్‌ది, ఆ చూపు మాత్రం లక్ష్మి తల్లిది. మణికట్టు మీది మచ్చ కంటే ముందు ఆ పిల్ల గుర్తుపట్టేది ఆ చూపునే కదా?

ఇంకొకటి. శారద టీచర్‌కు కళ్లద్దాలు పెట్టారు. ముఖం మార్చినప్పుడు కళ్లద్దాలు సాధారణంగా రావు. కింద ఉన్న మనిషికి అద్దాలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. కాబట్టి బోర్డు మీద ఆమె అద్దాలు లేకుండా కనిపించాలి. చెవులు, జుట్టు మొదలు, చెవిదిద్దులు, మెడ, చేతులు అన్నీ తల్లివే. ముక్కుపుడక ఉంటే అది సగం కరిగిపోయి మచ్చలా మిగులుతుంది. నుదుటి బొట్టు మార్చే భాగం అంచులో పడుతుంది కాబట్టి కొన్నిసార్లు ఉంటుంది, కొన్నిసార్లు చెదురుతుంది. దగ్గర నిలబడి చూసే కంటికి దొరికే ఆనవాళ్లు ఇవే.

రాధిక, పటమట

శ్రీను గారూ, ఆ చూపు సంగతి నాకు చాలా ఉపయోగం. రంగు వాక్యం తీసేస్తాను. మరి దగ్గరగా చూసినవాళ్లు నవ్వుకున్నారు, ఫోనులో చూసినవాళ్లు నమ్మారు అని రాశాను కదా. అది నిలుస్తుందా? నాకు కథలో అన్నిటికన్నా అనుమానంగా ఉన్నది అదే.

శ్రీను, ఫొటో స్టూడియో, అరండల్‌పేట, గుంటూరు

నిలుస్తుంది. లెక్క వేసి చూపిస్తాను.

ఇలాంటి పనికి చాలామంది వాడిన ప్రోగ్రాం ఒకటుంది, దాని ఫైలు పేరు `inswapper_128`. ఆ చివరి అంకె ముఖం ఎంత చిన్నగా గీస్తుందో చెబుతుంది. 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు. ఫొటోలో అసలు ముఖం ఎంత పెద్దదైనా ఇది గీసేది అంతే, తరువాత సాగదీసి కూర్చోబెడుతుంది. ప్రింటులో మేము అంగుళానికి 300 చుక్కలు చూసుకుంటాం. మీ ఫొటోలో ఆమె ముఖం ఒక అంగుళం ఉందనుకుందాం. 300 చుక్కలు కావలసిన చోట 128 చుక్కల సరుకు ఉంది. చీర అంచు, తడిసిన కుచ్చిళ్లు, పొట్లం మీది దారం పదునుగా కనిపిస్తాయి, ముఖం మాత్రం మెత్తగా, ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టు ఉంటుంది. కొన్ని యాప్‌లు ఆ మెత్తదనం పోవడానికి ముఖాన్ని మళ్లీ పదును పెడతాయి. అప్పుడు చర్మం మీద రంధ్రాలూ ముడతలూ పోయి మైనం బొమ్మలా అవుతుంది. ఎలా అయినా, బోర్డుకు అడుగు దూరంలో నిలబడ్డవాడికి ఇది ఎవరో చేసిన పని అని తెలుస్తుంది.

ఇప్పుడు పదో తరగతి వాడి ఫోను చూద్దాం. అద్దాల బోర్డు నాలుగు అడుగుల వెడల్పు, అంటే 48 అంగుళాలు. బోర్డు మొత్తం వచ్చేలా తీశాడు. గ్రూపులోకి వెళ్లేటప్పుడు ఫొటో కుదించుకుపోతుంది. వెడల్పున 1600 చుక్కలు మిగిలాయని లెక్కేసుకున్నా, అంగుళానికి 33 చుక్కలే వస్తాయి. ముఖం 33 చుక్కలు! ఇప్పుడు ముఖం ఎంత మెత్తగా ఉందో చీర అంచు కూడా అంతే మెత్తగా ఉంటుంది. తేడా కనిపెట్టడానికి ఆధారమే పోయింది. పైగా అద్దం మీద వరండా వెలుగు పడి మెరుపు ఉంటుంది. కాబట్టి తల్లిదండ్రులు నమ్మడంలో వింత లేదు. ఫోనులో వేళ్లతో పెద్దది చేసి చూసినా లేని చుక్కలు రావు.

ఒక్క మార్పు చేయండి. వాడు బోర్డు మొత్తం తీశాడని ఒక మాట రాయండి. దగ్గరగా ఆ ఒక్క ఫొటోనే తీస్తే నా లెక్క పనిచేయదు.

కిరణ్, లా విద్యార్థి, విజయవాడ

చట్టం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇది సమాచార సాంకేతిక చట్టం 66ఎ సెక్షన్ కిందికి వస్తుంది. ఇబ్బంది కలిగించే సందేశాలు పంపినందుకు మూడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టవచ్చు. అయితే విద్యాహక్కు చట్టం ఉంది కాబట్టి పాఠశాల ఆ అబ్బాయిని తీసేయడం కుదరదు. పిల్లవాడు కాబట్టి కేసు బాలల న్యాయమండలికి వెళుతుంది.

మాధవి, న్యాయవాది, గుంటూరు

కిరణ్ బాబూ, చివరి మాట దారిలో ఉంది, మిగతావి సరిచేయాలి. 66ఎ ఇప్పుడు లేదు. శ్రేయా సింఘల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తరువాత కూడా కొన్ని స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు రాస్తూనే ఉన్నారని సుప్రీంకోర్టే మందలించింది. కాబట్టి కథలో ఎవరైనా పాత్ర ఆ పేరు చెప్పి భయపెట్టినా అసహజంగా ఉండదు, కానీ రచయిత్రి నమ్మకూడదు.

అదే చట్టంలో 66ఇ శరీరంలోని గోప్య భాగాల చిత్రాలకు సంబంధించినది, 67 అశ్లీలానికి సంబంధించినది. ఈ ఫొటోలో ఆ రెండూ లేవు. ముందుగా చూడవలసింది పరువు నష్టం, భారతీయ న్యాయ సంహితలో 356. అది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. శారద టీచరే మెజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేసుకోవాలి. ఫొటో చేసినవాడి కంటే “జీతం తీసుకుంటూ” అన్న వాక్యం రాసినవాడి మీద ఆ ఫిర్యాదు బలంగా నిలుస్తుంది. ఎందుకంటే ఆమె నిజాయితీ మీద ఆరోపణ ఆ వాక్యంలోనే ఉంది.

పిల్లల విషయానికి వస్తే, 2016 బాలల న్యాయ నియమాల ప్రకారం ఘోరమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ రాయరు. స్టేషన్ డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితి మీద నివేదికతో బాలల న్యాయమండలికి పంపుతారు. విద్యాహక్కు చట్టంలో బడి నుంచి తీసేయకూడదన్న 16వ సెక్షన్ ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా, అంటే ఎనిమిదో తరగతి దాకా. చైతన్య తొమ్మిదిలో ఉన్నాడు. కాబట్టి ప్రిన్సిపాల్ టీసీ ఇచ్చి పంపేస్తానని బెదిరించే వీలు ఉంది. ఆ బెదిరింపు మీ కథలో లేకపోవడం నాకు లోటుగా అనిపించింది. ఆ గదిలో చైతన్య తల వంచుకుని ఉండడానికి కారణం అదే అయి ఉండాలి.

సుబ్బారావు, కొత్తపేట, గుంటూరు

ఇది చదివాక మా ఇంటి గోడ మీది ఫొటో గుర్తుకొచ్చి రాస్తున్నాను. మా తాతగారు పోయాక ఆయన ఒంటరి ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లి గ్రూపు ఫొటోలోంచి తల తీసి, కోటు వేసుకున్న ఎవరిదో శరీరానికి కలిపి స్టూడియోవారు పటం కట్టించి ఇచ్చారు. తాతగారు జీవితంలో కోటు వేసుకోలేదు. మా నాన్నగారు రోజూ ఆ పటానికి దండం పెట్టుకునేవారు. ఆ కోటు మనిషి ఎవరో మేము ఎప్పుడూ అడగలేదు. ఆయన ఇంటివాళ్లు చూసి ఉంటే ఏమనుకునేవారో! శ్రీను గారూ, అప్పట్లో ఆ శరీరాలు ఎక్కడివి?

శ్రీను, ఫొటో స్టూడియో, అరండల్‌పేట, గుంటూరు

సుబ్బారావు గారూ, ఒక్కో స్టూడియోకు కోటు వేసుకున్న, పంచె కట్టుకున్న, పట్టుచీర కట్టుకున్న శరీరాల నెగెటివ్‌లు కొన్ని ఉండేవి. మా నాన్నగారి దగ్గరా ఉండేవి. ఎక్కువగా స్టూడియోలో పనిచేసేవాళ్లే నిలబడేవాళ్లు. వాళ్లకు తెలిసే నిలబడేవాళ్లు. రాధిక గారి కథలో ఆ తల్లికి ఏమీ తెలియదు.

సరస్వతి, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మంగళగిరి

అమ్మా రాధికా, శ్రీను గారు చివర అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ తల్లికి ఏమీ తెలియదు. చైతన్య చేసిన పనే కాదు, అంతకుముందు సోషల్ మాస్టారు చేసిన పని కూడా ఆమెకు తెలియదు. నీళ్లలో నిలబడి పొట్లం అందుకుంటున్న మనిషి ఫొటో, ఆమె కూతురు చదివే బడిలోనే, అందరికన్నా పెద్దగా గుచ్చారు. ఎవరైనా ఆమెను అడిగారా? లక్ష్మి వెనక మెట్ల మీదుగా తిరగడం చైతన్య వల్ల మొదలు కాలేదు. నీ కథలో ఉన్న బలమైన సంగతి అది. దాన్ని ఒక వాక్యంలో చెప్పి వదిలేశావు.

నేను బడి నడిపిన రోజుల్లో దాతలు వచ్చి పుస్తకాలు పంచితే, పుచ్చుకునే పిల్లలతో ఫొటో దిగాలని అడిగేవాళ్లు. ఇచ్చేవాళ్ల ఫొటో తీసుకోండి, పిల్లలను వెనక నుంచి తీయండి అని చెప్పేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. వచ్చినా సరే.

అందుకే ముగింపు నాకు నచ్చలేదు. చైతన్య పాత ఫొటోను తిరిగి గుచ్చితే ఏం సరిదిద్దినట్టు? లక్ష్మి “మళ్లీ పెట్టించండి” అన్నది కోపంలో. పిల్ల అన్నదని పెట్టడం కాదు, తల్లిని అడగాలి. బోర్డు కొంతసేపు ఖాళీగా ఉండనీ.

హర్ష, తెనాలి

నేను ఇంటర్ చదువుతున్నాను. సరస్వతి మేడమ్ గారితో సగమే ఏకీభవిస్తాను. బోర్డు ఖాళీ చేస్తే ప్రిన్సిపాల్ కోరుకున్నదే జరిగినట్టు అవుతుంది. గొడవ వదిలిపోతుంది, అంతే. లక్ష్మి “అమ్మ ఏం తప్పు చేసింది” అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఖాళీ బోర్డు కాదు కదా. నా స్నేహితులు కొందరు పాయకాపురంలో ఉంటారు. వరద తరువాత కాలేజీకి వచ్చినప్పుడు పొట్లాలు తిన్నామని చెప్పుకోవడానికే సిగ్గుపడ్డారు. ఫొటో తీసేస్తే ఆ సిగ్గు సరైనదే అని ఒప్పుకున్నట్టు ఉంటుంది.

ఇంకొక విషయం. కథ మొత్తం చైతన్య చుట్టూ తిరుగుతోంది. వాడు గుచ్చింది అద్దాల వెనక. బయటికి తెచ్చింది పదో తరగతి వాడు. వాక్యం రాసింది ఇంకెవరో, బహుశా పెద్దవాళ్లే. వాళ్లను ఎవరూ గదికి పిలవలేదు. మా దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది, దొరికినవాడిని పిలుస్తారు, పంపినవాళ్లు హాయిగా ఉంటారు.

మాధవి, న్యాయవాది, గుంటూరు

హర్ష సరిగ్గా పట్టుకున్నాడు. చట్టం దృష్టిలోనూ ఆ వాక్యం రాసింది ఎవరన్నదే ముఖ్యం. తల్లిదండ్రుల గ్రూపు అన్నారు కాబట్టి పద్దెనిమిది దాటినవాళ్లే. వాళ్లకు బాలల న్యాయ చట్టం రక్షణ లేదు.

వెంకట్, సత్యనారాయణపురం

కథ అని తెలిశాక మళ్లీ చదివాను. నాదొక ప్రశ్న. ఫొటో అబద్ధమని ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ ఎలా తెలుస్తుంది? టీచర్ గారు “ఈ చీర నాది కాదు” అంటే ఎవరు నమ్ముతారు? నేనూ తల్లిదండ్రుల గ్రూపులో ఉన్నాను. అబద్ధం వచ్చిన రోజు రెండు వందల మంది చూస్తారు, సవరణ వచ్చిన రోజు నలుగురు చూస్తారు.

శ్రీను, ఫొటో స్టూడియో, అరండల్‌పేట, గుంటూరు

గ్రూపులో తిరిగిన కాపీని ఎంత పరీక్షించినా ఉపయోగం లేదు. కుదించుకుపోయింది, కెమెరా వివరాలు కూడా దారిలోనే ఊడిపోయాయి. అసలు ఫైలు కావాలి. సోషల్ మాస్టారి ఫోనులో ఫ్లైఓవర్ దగ్గర తీసిన ఫొటో ఉంటుంది. తీసిన తేదీ, వేళ, పూర్తి పరిమాణంతో ఉంటుంది. దాని పక్కన చైతన్య ప్రింటును పెడితే చెవులు, దిద్దులు, పూసలు, మచ్చ, చేతివేళ్లు ఒక్కటే, ముఖం ఒక్కటే వేరు. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఆ గ్రూపులోనే పంపాలి. వేరే దారి నాకు కనిపించడం లేదు.

సరస్వతి, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మంగళగిరి

శ్రీను గారూ, అలా పంపితే టీచర్ పరువు నిలబడుతుంది, ఆ తల్లి ముఖం మాత్రం రెండు వందల ఫోన్లలోకి వెళుతుంది. బోర్డు మీద ఉన్నప్పుడు బడివాళ్లే చూశారు. ఇది ఇంకా పెద్ద తప్పు. ప్రిన్సిపాల్ తన పేరుతో రాతలో చెప్పాలి. ఈ ఫొటో మా బడిలో ఒక విద్యార్థి మార్చినది, ఇందులో ఉన్నది మా టీచర్ కాదు, దీన్ని తీసేయండి, ఇంకెవరికీ పంపకండి అని. విద్యార్థి పేరు రాయకూడదు. సంస్థ అధిపతి సంతకంతో చెబితే నమ్మేవాళ్లు నమ్ముతారు.

శ్రీను, ఫొటో స్టూడియో, అరండల్‌పేట, గుంటూరు

మేడమ్, సంతకం చూసి నమ్మే కాలమైతే ఆ వాక్యాన్నే నమ్మేవారు కాదు. అయినా తల్లి ముఖం విషయంలో మీరన్నది కాదనలేను. అసలు ఫొటోలో ఆమె ముఖాన్ని మసకబరిచి, మెడ నుంచి కిందిది మాత్రం చూపిస్తే సరిపోవచ్చు. మచ్చ, పూసలు కనిపిస్తాయి. కానీ అప్పుడు “ఆ మసక వెనక ఉన్నది టీచర్ కాదని ఏమిటి గ్యారంటీ” అనేవాళ్లు ఉంటారు.

సుబ్బారావు, కొత్తపేట, గుంటూరు

కరస్పాండెంట్ నిలబెట్టి అడిగిన ప్రశ్న నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించింది. ముఖం ఆమెదే అయినా, నిజంగా వరుసలో నిలబడి ఉన్నా, తప్పేముంది? ఆ రోజుల్లో సింగ్ నగర్‌లో మేడల మీద ఉన్నవాళ్లు కూడా తాగే నీళ్ల కోసం పడవల వైపు చేతులు చాపారు. మా బావమరిది అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటాడు. జేబులో డబ్బుంది, కొనడానికి దుకాణం లేదు.

రాధిక, పటమట

అందరికీ కృతజ్ఞతలు. సుబ్బారావు గారి మాటను శారద టీచర్ చేత అనిపించాలని ఉంది. “ఈ చీర నాది కాదండీ” అని ఆగిపోయిన ఆమె, లక్ష్మి వచ్చాక కరస్పాండెంట్‌తో ఇంకొక మాట అనాలి. ప్రస్తుతానికి ఇలా రాశాను.

“శారద టీచర్ ఫోనును కరస్పాండెంట్ ముందు పెట్టింది. ‘నేను కాదని చెప్పి బయటపడదామనుకున్నాను. ఈ పిల్ల ముందు ఆ మాట అనలేను. నేనే అయి ఉంటే ఏమిటండీ?’ అంది. తరువాత చైతన్య వైపు తిరిగింది. ‘ఈ అమ్మ కళ్లు చూశావా? నా ముఖం పెట్టావు కానీ ఆ చూపు నాది కాదు. పొద్దున్నుంచి నాకూ అంతుపట్టలేదు, ఎవరిదా అని.’”

శ్రీను గారు చెప్పిన కవళిక ఇక్కడ వాడుకున్నాను. మాధవి గారు చెప్పిన టీసీ బెదిరింపు గదిలోకి తెస్తాను. బోర్డు విషయంలో సరస్వతి గారికీ హర్షకూ మధ్య నేను తేల్చుకోలేకపోయాను. చైతన్య, లక్ష్మి, టీచర్ ముగ్గురూ సాయంత్రం సింగ్ నగర్ వెళ్లి ఇడ్లీ బండి దగ్గర ఆ తల్లిని అడుగుతారు. ఆమె ఏమందో రాయాలా, అడగడం దగ్గరే ఆపాలా?

సరస్వతి, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మంగళగిరి

రాయాలమ్మా. ఇంత కథలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె వద్దంటే వద్దని, ఉంచమంటే ఉంచమని రాయి. ఆమె చేత చెప్పించకుండా ఆపితే మనమూ ఆమెను అడగనట్టే. ఇంకొకటి, టీచర్ పిల్లలను బండి దగ్గరికి బేరం వేళ తీసుకెళ్లకూడదు. నలుగురి ముందు ఫొటో చూపించి అడిగితే ఆమె ఏమని చెబుతుంది? బండి కట్టేసే వేళకు వెళ్లనీ.

హర్ష, తెనాలి

అక్కా, పదో తరగతి వాడిని ఏం చేస్తున్నారు?

రాధిక, పటమట

వాడు కథలో పేరు లేకుండానే ఉంటాడు హర్షా. వాక్యం రాసినవాళ్లు కూడా. ఎవరో తెలియకుండా ఉండడమే అక్కడ నిజమని నాకు అనిపిస్తోంది.

హర్ష, తెనాలి

నాకు అలా అనిపించడం లేదు. గ్రూపులో ఎవరు ఏ నిమిషానికి పెట్టారో పేరుతో సహా కనిపిస్తుంది. ప్రిన్సిపాల్‌కు తెలుసుకోవాలని లేదు, అంతే. కనీసం లక్ష్మి చేత ఆ ప్రశ్న అడిగించండి.